నలభై అయిదు సెకన్ల లోపం

ప్రశ్న: బి.కాం. తర్వాత మూడేళ్లుగా కూకట్‌పల్లిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. వచ్చే గురువారం గచ్చిబౌలిలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగానికి ఇంటర్వ్యూ ఉంది. పోయినసారి వేరే చోట "మీ అతి పెద్ద బలహీనత ఏమిటి" అని అడిగితే నాలుగు నిమిషాలు మాట్లాడాను, ఉద్యోగం రాలేదు. నా అసలు లోపం ఇదండి: పని ఎక్కడైనా చిక్కుపడితే పైవాళ్లకు చెప్పను, చివరిదాకా నాలోనే ఉంచుకుంటాను. పోయిన ఏడాది ఒక జీఎస్టీ రిటర్ను అలాగే ఆలస్యమైంది. అప్పటి నుంచి ప్రతి నెలా తేలని బిల్లుల జాబితా ముందుగానే సార్‌కు పంపుతున్నాను. ఈ లోపాన్ని ఇంటర్వ్యూలో నిజంగా చెప్పవచ్చా? చెబితే ఎలా చెప్పాలి?

సమాధానం:

చెప్పవచ్చు. జాబితా గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యం ఉంది కాబట్టే చెప్పవచ్చంటున్నాను. అది లేకపోతే ఈ లోపం జోలికే వెళ్లవద్దనేవాణ్ని.

కారణం చెబుతాను. నేను 2006 నుంచి హైటెక్ సిటీ, గచ్చిబౌలి చుట్టుపక్కల కంపెనీల్లో ఫైనాన్స్ పనిలో ఉన్నాను. పదకొండేళ్లుగా ఇంటర్వ్యూ బల్లకు అవతలి వైపు కూర్చుంటున్నాను. నెలాఖరు లెక్కలు మూసే మేనేజరుకు తప్పు లెక్క అంటే పెద్ద భయమేమీ ఉండదు, తప్పు దొరికితే దిద్దుకుంటాడు. అతని భయమంతా ఆఖరి రోజు సాయంత్రం ఆరు గంటలకు "సార్, ఒక చిన్న సమస్య" అంటూ వచ్చే మనిషి గురించే. మీ లోపం సరిగ్గా ఆ నరం మీదే ఉంది. మారినట్లు చూపకుండా దాన్ని బయటపెడితే ఆ మేనేజరు మనసులో తలుపు మూసుకుంటుంది. మారినట్లు చూపగలిగితే ఆయన తర్వాతి పది ప్రశ్నలతో తెలుసుకోవాలనుకున్నది మీరే ఒక్క నిమిషంలో చెప్పినట్లవుతుంది.

ఈ ప్రశ్న అడిగేవాళ్ల చేతిలో ఏముంటుందో తెలిస్తే ఎంత మాట్లాడాలో మీకే తెలుస్తుంది. మా దగ్గర ఉండేది ఒక కాగితం. దానిలో ఈ ప్రశ్న పక్కన ఖాళీ రెండు వరుసలే. మొదటి వరుసలో మీరు చెప్పిన లోపాన్ని రెండు మూడు మాటల్లో రాసుకుంటాను. రెండో వరుసలో, దాని గురించి మీరు చేసిన పనికి ఒక రూపం ఉందా, ఎప్పటి నుంచి ఉంది అన్నది రాస్తాను. నాలుగు నిమిషాల మాట ఆ రెండు వరుసల్లో పట్టదు. పట్టనప్పుడు మేము కుదించి రాసేది మీరు కోరుకున్న ముక్క కాకపోవచ్చు. మీ పోయినసారి ఇంటర్వ్యూలో ఎవరో "రిటర్ను ఆలస్యం చేశాడు" అని మాత్రమే రాసుకుని ఉంటారని నా అనుమానం.

నిజం కాని జవాబుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. ఒక శనివారం వాకిన్ ఇంటర్వ్యూల్లో "ఏ పనైనా పక్కాగా ఉండాలనుకోవడమే నా బలహీనత" అనే జవాబు ఆరుగురి నోట విన్నాను. మాటల వరుస కూడా అదే. అమీర్‌పేటలో ఎక్కడో ఒకటే అచ్చు ఉందని మా సహోద్యోగి నవ్వింది. ఏడో వ్యక్తి కూడా అదే మొదలుపెడితే, "దానివల్ల మీకు చివరిసారి నష్టం ఎప్పుడు జరిగింది" అని అడిగాను. ఆయన దగ్గర ఒక్క సంఘటన కూడా లేదు. అసలు లోపం ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న కష్టమే కాదు, తేదీతో సహా గుర్తుంటుంది.

ఇక మీ నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయి ఉంటాయో చూద్దాం. ఇలాంటి జవాబుల్లో కొవ్వు దాదాపు ఎప్పుడూ మూడు చోట్లే ఉంటుంది. మొదటిది పూర్వరంగం. అవతల కూర్చున్నది అకౌంట్స్ మనిషి. సప్లయర్లు ఎక్కించిన బిల్లులన్నీ కనిపించే జీఎస్టీఆర్-2బీ పట్టిక 14వ తేదీన తయారవుతుందని, నెలవారీ రిటర్ను వేసేవాళ్లు పన్ను కట్టే 3బీ రిటర్నును 20వ తేదీలోగా వేయాలని ఆయనకు మీరు చెప్పనక్కర్లేదు. రెండోది ఇతరుల వాటా: సప్లయర్ బిల్లు ఎక్కించలేదు, క్లయింటు ఫోను ఎత్తలేదు, సార్‌కు కోపం ఎక్కువ. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ లోపం మీది అని చెప్పిన మరుక్షణం దాన్ని ముగ్గురికి పంచితే, వినేవాడికి మీరు దాన్ని ఇంకా ఒప్పుకోలేదని అర్థమవుతుంది. మూడోది క్షమాపణ. ఎంత బాధపడ్డారో, ఎన్ని రాత్రులు నిద్రపట్టలేదో చెప్పడం. ఆ బాధ మా కాగితంలో ఏ వరుసలోనూ పడదు.

మీ సంఘటన పూర్తి వివరాలు నా దగ్గర లేవు కాబట్టి అలాంటి ఒక మామూలు నెలను ఊహించి రాస్తున్నాను. మీ నిజాలు ఉన్నచోట నా ఊహలు తీసేయండి.

"పని ఎక్కడైనా ఆగిపోతే వెంటనే పైవాళ్లకు చెప్పకపోవడం నా బలహీనత. నేనే తేల్చేయాలని కూర్చుంటాను. పోయిన ఏడాది ఒక క్లయింటు కొనుగోలు బిల్లులు కొన్ని 2బీలో కనిపించలేదు. ఆ విషయం నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకుని 19వ తేదీ సాయంత్రం చెప్పాను. పన్ను డబ్బు సర్దుకునే వ్యవధి లేక రిటర్ను రెండు రోజులు ఆలస్యమైంది. అప్పటి నుంచి ప్రతి నెలా 15వ తేదీ సాయంత్రానికి తేలని బిల్లుల జాబితాను, ఒక్కొక్కదాని పక్కన కారణం రాసి, మా సార్‌కు పంపుతున్నాను. ఆ తర్వాత ఆ కారణంతో ఏ రిటర్నూ ఆగలేదు. కొత్త క్లయింటు పని మొదలైన నెలలో మాత్రం ఆ మొహమాటం ఇప్పటికీ వస్తుంది. ఆ నెలల్లో 14నే జాబితా మొదలుపెడతాను."

తొందరపడకుండా పలికితే ఇది 45 సెకన్ల దగ్గర ముగుస్తుంది. ఒక నిమిషం దాటితే ఎక్కడో కొవ్వు చేరినట్లే.

దీనిలో మొదటి వాక్యం ఎలా ఉందో గమనించండి. లోపం పేరు అక్కడే అయిపోయింది. "కొంచెం", "ఒక్కోసారి", "అంటే ఏమిటంటే" వంటి మెత్తని గుడ్డలేవీ దానికి చుట్టలేదు. చాలామంది ఈ వాక్యాన్ని మూడోసారికి గాని పూర్తిచేయరు. మొదలుపెట్టి, ఆపి, మళ్లీ వేరే వైపు నుంచి వస్తారు. వినేవాడికి ఆ తడబాటు దాచిపెట్టడంలా వినిపిస్తుంది. అయ్యో, సిగ్గువల్లనే తడబడ్డాడు పాపం అని ఎవరూ అనుకోరు.

సంఘటనకు మూడు వాక్యాలే ఇచ్చాను. నష్టం కూడా దాచకుండా చెప్పాను. రెండు రోజుల ఆలస్యం అనేది ఆ రంగంలో కొలత ఉన్న నష్టం. పన్ను కట్టాల్సిన 3బీకి ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. అవతలి మనిషి ఈ లెక్కను తన మనసులోనే వేసుకుంటాడు, పెద్ద ప్రమాదమేమీ జరగలేదని గ్రహిస్తాడు. మీరు నష్టం ఎంతో చెప్పకుండా "పెద్ద సమస్య అయింది" అని వదిలేస్తే ఆయన ఊహ ఎంత దూరమైనా పోతుంది. సంఘటనను ఎన్నుకునేటప్పుడు కూడా ఇదే కొలబద్ద: నష్టం నిజంగా జరిగి ఉండాలి, దిద్దుకోగలిగినదై ఉండాలి. క్లయింటుకు నోటీసు వచ్చి నెలలు తిరిగిన సంఘటన ఉంటే దాన్ని ఈ ప్రశ్నకు వాడవద్దు. అది విడిగా పెద్ద కథ, 45 సెకన్లలో చెబితే దాచినట్లు ఉంటుంది, పూర్తిగా చెబితే మళ్లీ నాలుగు నిమిషాలు.

ఇక్కడే ఒక హెచ్చరిక. క్లయింటు పేరు చెప్పవద్దు, ఏ పేటలో ఏ వ్యాపారమో గుర్తుపట్టే ఆనవాలు కూడా వద్దు. ఆడిటర్ ఆఫీసులో పనిచేసిన మనిషి ఇతరుల లెక్కల గురించి పేరుపెట్టి మాట్లాడితే, రేపు మా లెక్కల గురించి కూడా ఇలాగే మాట్లాడతాడని అనిపిస్తుంది. ఒక మంచి అభ్యర్థిని కేవలం ఈ కారణంగా మేము వదులుకున్నాం. పాపం, ఆయన కథ బాగా అర్థం కావాలనే ఆ పేరు చెప్పాడు.

మార్పు చెప్పే భాగం అసలైన చోటు. ఇక్కడ "ప్రయత్నిస్తున్నాను", "మెరుగుపడుతున్నాను", "ఈ మధ్య జాగ్రత్తగా ఉంటున్నాను" అనే మాటలు పడ్డాయంటే రెండో వరుసలో నేను రాసుకోవడానికి ఏమీ ఉండదు. అవి మనసులో జరిగేవి, కంటికి కనబడవు. 15వ తేదీ సాయంత్రం అనేది కనబడుతుంది. బిల్లు పక్కన కారణం రాయడం అనేది కనబడుతుంది. పైగా ఆ తేదీకి అర్థం ఉంది. 2బీ 14న వస్తుంది, 20న గడువు. మీ పాత అలవాటు మింగేసింది ఆ మధ్యలోని ఆరు రోజులనే. 2బీలో లేని బిల్లు మీద కట్టిన పన్నును ఆ నెల క్రెడిట్‌గా తగ్గించుకోవడం కుదరదు కాబట్టి అంత మేరకు క్లయింటు చేతి డబ్బు పెట్టాలి. ఆ మాట 15న తెలిస్తే సర్దుకుంటాడు, 19న తెలిస్తే సర్దుకోలేడు. ఈ వివరణ మీరు జవాబులో ఇవ్వనక్కర్లేదు. అకౌంట్స్ తెలిసిన మనిషి 15 అని వినగానే ఎందుకు 15 అన్నది పట్టుకుంటాడు. మందు రోగానికి తగినదని ఆయనకే తోస్తుంది. రోగం ఒకటి, మందు మరొకటి అయిన జవాబులు రోజూ వింటాం: పని దాచుకునే అలవాటు ఉందని చెప్పి, దాని కోసం ఎక్సెల్ కోర్సు చేశానంటారు.

చివరి రెండు వాక్యాల దగ్గర మీకు చేయి ఆగుతుంది. ఇంకా మిగిలి ఉందని ఎందుకు చెప్పాలి, చక్కగా నయమైందని ముగిస్తే పోదా అనిపిస్తుంది. పూర్తిగా నయమైన లోపం మీ అతి పెద్ద బలహీనత ఎలా అవుతుంది? అడిగింది ఇప్పటి సంగతి. పాత లోపాన్ని కడిగి ఆరవేసి చూపిస్తే మేము "సరే, ఇప్పుడున్నది చెప్పండి" అని మళ్లీ మొదటికి వస్తాం. మిగిలిన దాన్ని మీరే చెప్పి, అది ఏ సందర్భంలో వస్తుందో కూడా చెబితే ఆ ప్రశ్న రాదు. కాకపోతే మిగిలినది నిజంగా మిగిలినదే అయి ఉండాలి. నా ఉదాహరణలోని కొత్త క్లయింటు మాట మీకు వర్తించకపోతే తీసేసి, పోయిన ఆరు నెలల్లో మీరు ఎప్పుడు ఆలస్యంగా చెప్పారో గుర్తు తెచ్చుకుని అది పెట్టండి.

ఇప్పుడు నోటితో చెప్పే సంగతి. కాగితం మీద ఇంత బాగున్నది నోట్లోకి వచ్చేసరికి విరిగిపోతుంది. మనసులో అనుకునేటప్పుడు మనకు ఊపిరి అక్కర్లేదు, నాలుక తిరగనక్కర్లేదు, సిగ్గు కూడా ఉండదు. మెట్రోలో కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేటకు, అక్కడ మారి రాయదుర్గానికి వెళ్లేలోపు మనసులో ఇరవైసార్లు అనుకోవచ్చు, ఒక్కసారి కూడా సాధన చేసినట్లు కాదు. డాబా మీదకు వెళ్లండి. ఒక కుర్చీ వేసుకుని కూర్చోండి, నిలబడి వద్దు, ఎందుకంటే అక్కడ కూర్చునే చెబుతారు. ఫోనులో రికార్డు పెట్టి గొంతెత్తి చెప్పండి. రాసినదాన్ని బట్టీ పట్టవద్దు. లోపం, సంఘటన, మార్పు, మిగిలింది అనే నాలుగు మజిలీలు గుర్తుంటే చాలు, మాటలు ప్రతిసారీ కాస్త మారనివ్వండి. బట్టీ పట్టినవాళ్లకు ఒక్క మాట జారితే మొత్తం దండ తెగిపోతుంది. పైగా "రిటర్ను రెండు రోజులు ఆలస్యమైంది" అన్న వాక్యాన్ని రేడియో వార్తల్లా పలుకుతారు.

రికార్డు వినేటప్పుడు రెండు చోట్ల చెవి పెట్టండి. లోపం పేరు పలికేటప్పుడు మీ గొంతు సన్నబడుతోందా? దాదాపు అందరికీ సన్నబడుతుంది, వాక్యం చివరి మాట మింగేస్తారు. అవతలివాళ్లు "ఏమన్నారు?" అని అడిగితే అదే మాటను రెండోసారి గట్టిగా చెప్పవలసి వస్తుంది, అది మరీ కష్టం. రెండోది, సంఘటన ఎంతసేపు పట్టింది, మార్పు ఎంతసేపు పట్టింది. సంఘటన ఎక్కువైతే కత్తిరించండి.

ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. లెక్కల సంగతి తెలియని మనిషికి, మీ అమ్మగారికో బాబాయ్ గారికో, ఒకసారి వినిపించండి. విని ఏం అర్థమైందో చెప్పమనండి. "నీ వల్ల ఎవరికో జరిమానా పడిందట" అంటే జవాబు ఇంకా సంఘటన వైపే మొగ్గుతోంది. "ఏదో ముందుగానే రాసి పంపుతున్నావట" అంటే సరిగ్గా తూగింది.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో జరిగేటట్లుంటే సాధన కూడా ఇంగ్లీషులోనే చేయండి. తెలుగులో తయారుచేసుకుని అక్కడికక్కడే మార్చుకుంటే 45 సెకన్లు 90 అవుతాయి, మధ్యలో వెతుకులాట వినబడుతుంది. మీకు నోరు తిరగని వాక్యం ఉంటే దాన్ని రెండు చిన్న వాక్యాలు చేయండి. గచ్చిబౌలి ప్యానెల్‌లో మీ వ్యాకరణానికి మార్కులు వేసేవాళ్లు తక్కువే.

చెప్పడం అయ్యాక ఆగాలి. ఇది రాయడానికి నాకే నవ్వొస్తోంది, ఎందుకంటే నేను పడిన గొయ్యి ఇదే. ఉద్యోగ జీవితం మొదట్లో సికింద్రాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు బాగానే జవాబు చెప్పాను. ఆయన తల వంచుకుని రాసుకుంటున్నారు. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయనకు నచ్చలేదని నాకు నేనే తీర్మానించుకుని, "ఇంకా చెప్పాలంటే ఉదయం తొందరగా లేవడం కూడా నాకు కష్టమండి" అన్నాను. ఆ ఉద్యోగం షిఫ్టు ఆరున్నరకు మొదలవుతుంది. ఆయన తల ఎత్తి మొదటిసారి నవ్వారు. బల్లకు ఇవతలి వైపు వచ్చాక గాని నాకు తెలియలేదు, ఆ మౌనం రెండు వరుసలు రాసుకునేంత సేపే. మహా అయితే పది సెకన్లు. చివరి వాక్యం తర్వాత పెదవులు మూసి, ఆ పది సెకన్లు ఆయన కలం వైపు చూస్తూ కూర్చోండి.

తర్వాత వచ్చే ప్రశ్నల్లో మూడింటికి సిద్ధంగా ఉంటే చాలు. "ఆ తర్వాత మళ్లీ జరిగిందా?" అంటే జరిగి ఉంటే జరిగిందనే చెప్పండి, ఏ నెలలో, ఎన్ని రోజులు ఆలస్యంగా చెప్పారో ఒక్క వాక్యంలో. "ఇంకో బలహీనత?" అంటే దానికి కథ అక్కర్లేదు, చిన్నది, నిజమైనది ఒకటి రెండు వాక్యాల్లో చాలు. ఆరోగ్యం, ఇంటి సంగతులు, అప్పులు ఇవేవీ ఈ ప్రశ్నకు జవాబులు కావు, ఎంత నిజమైనా సరే. లెక్కల్లో అంకెలు తరచు తప్పుతాయనే లోపం మీకుంటే అది కూడా ఇక్కడ చెప్పేది కాదు. అది ఈ ఉద్యోగానికి అర్హత సంగతి, ఇంటర్వ్యూకు రాకముందే మీరు తేల్చుకోవలసినది.

మూడోది కాస్త ఇరకాటమైనది: "మీ సార్‌కు ఫోను చేస్తే ఈ మాటే చెబుతారా?" ఇది బెదిరింపు కాదు, జాబితా నిజంగా ఉందా లేదా అని తట్టి చూడటం. ఉన్న జాబితా కాబట్టి మీకు తడబాటు ఉండదు. అయితే మీరు ఉద్యోగం వెతుకుతున్న సంగతి ఆయనకు ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. అలాగైతే, "ఆయనకు ఇంకా చెప్పలేదండి. ఆఫర్ ఇచ్చాక మాట్లాడండి, ప్రతి నెలా 15న ఏం వస్తుందని అడగండి" అనండి. బుధవారం రాత్రి పాత నెలల జాబితాలు రెండు మూడు ఒకసారి తెరిచి చూసుకోండి. పోయిన నెల అందులో ఎన్ని బిల్లులు ఉన్నాయని అడిగితే ఆ అంకె మీ నోటి చివర ఉండాలి. జాబితాలు మాత్రం ఆఫీసులోనే వదిలి వెళ్లండి, వాటి నిండా క్లయింట్ల పేర్లే ఉంటాయి.